దిండు కంటే వెనకబడ్డ ట్రేడర్ గారికి అభినందనలు

మా వాడు ఒకడున్నాడు, పేరెందుకు లెండి, మీ ఫ్రెండ్స్‌లోనూ ఒకడు ఉండే ఉంటాడు, వాడి పేరు పెట్టేసుకుని చదువుకోండి. 2022 డిసెంబర్ చివర్లో వాడు ఫోన్ చేసి, గొంతు బాగా గంభీరంగా పెట్టి, "మామా, ఈ ఏడాది మార్కెట్ అందరినీ చావగొట్టింది కదా, నేను మాత్రం 4.5 శాతం లాభంలో ఉన్నా" అన్నాడు. అమెరికా షేర్లు పడీ పడీ అలిసిపోయిన సంవత్సరం అది. అందులో లాభం అంటే మామూలు విషయం కాదు, ఏమాటకామాటే, నాకు కొంచెం అసూయ కూడా వేసింది. నీ లెక్కలు రాసుకునే గూగుల్ షీట్ పంపరా చూస్తాను అన్నా. పంపాడు. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు.

షీట్‌లో ఏముందంటే, ఫిబ్రవరిలో అకౌంట్‌లో వేసింది 10,000 డాలర్లు. అప్పుడు డాలర్ 75 రూపాయల దగ్గర ఉంది కాబట్టి, పెట్టుబడి 7,50,000 అని చేత్తో టైప్ చేసుకున్నాడు. డిసెంబర్‌లో అకౌంట్ బ్యాలెన్స్ 9,500 డాలర్లు, డాలర్ 82.50 దగ్గర, కాబట్టి 7,83,750. తీసివేస్తే 33,750 లాభం. సెల్ ఆకుపచ్చగా మెరిసిపోతోంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదండీ, నేను మూడు సార్లు కొట్టి చూశా.

ఒక్క చిన్న సంగతి. 10,000 డాలర్లు 9,500 అయ్యాయి. అంటే వీడు ఏడాదంతా రాత్రిళ్ళు మేలుకుని, చార్టుల మీద గీతలు గీసి, ఇంట్లో వాళ్ళ మీద అరిచి, చివరికి 500 డాలర్లు పోగొట్టాడు. ఐదు శాతం నష్టం. వర్షం పడి చెరువు నిండితే, గట్టుకి గండి కొట్టి కొన్ని నీళ్ళు వదిలేసినవాడు వచ్చి "చూశారా, చెరువు నేనే నింపా" అన్నట్టుంది.

సరే, వాదించడం ఎందుకని నేను న్యాయంగా ఒక పోటీ పెట్టా. వీడికి పోటీగా ఒక దిండు. అదే రోజు, అదే 75 రేటుకి, అవే 10,000 డాలర్లు దిండుకి ఇచ్చాం అనుకోండి. దిండు ఏ షేరూ కొనలేదు, ఏ షేరూ అమ్మలేదు, మంచం మీద పడుకుంది, అంతే. డిసెంబర్‌లో దాని దగ్గర అవే 10,000 డాలర్లు ఉన్నాయి, రూపాయల్లో 8,25,000. లాభం 75,000, సరిగ్గా పది శాతం. మా వాడిది 4.5.

అంటే ఈ సీజన్ చాంపియన్ దిండు అన్నమాట. నాకైతే దానితో ఒక వెబినార్ పెట్టించాలని ఉంది. యాంకర్ అడుగుతాడు, సార్, మీ స్టాప్‌లాస్ ఎక్కడ పెడతారు? తల కింద, అంటుంది దిండు. మీ మ్యాక్రో వ్యూ ఏంటి సార్? అమెరికా ఫెడ్ మార్చిలో సున్నా దగ్గర మొదలుపెట్టి డిసెంబర్‌కి వడ్డీ రేటు 4.25–4.50 శాతం దాకా లాక్కెళ్ళింది, ప్రపంచంలో డబ్బు డాలర్ వైపు పరిగెత్తింది, నేను మాత్రం అటు తిరిగి పడుకున్నా, అంటుంది. ఓవర్ ట్రేడింగ్‌ని ఎలా కంట్రోల్ చేసుకుంటారు? నాకు చేతులు లేవు, అంటుంది. చాట్‌లో మా వాడు చెయ్యెత్తి, సార్ నేను మీ శిష్యుణ్ణి, నాకు 4.5 వచ్చింది అంటాడు, దిండు కాసేపు ఆలోచించి, బాబూ నువ్వు నన్ను తలకింద పెట్టుకుని పడుకుని ఉంటే ఇద్దరికీ పది వచ్చేది కదా, మరి రాత్రంతా లేచి ఏం చేశావు అంటుంది. దానికి వీడి దగ్గర జవాబు ఉండదు, మైక్ మ్యూట్‌లో ఉందని నటిస్తాడు.

ఇప్పుడు కాస్త సీరియస్‌గా. 33,750 అనే అంకెలో రెండు వేరే వేరే ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చున్నాయి. దిండు సంపాదన 75,000, అది డాలర్ పెరగడం వల్ల వచ్చింది, అందులో వీడి ప్రతిభ ఆవగింజంత లేదు. వీడి సొంత సంపాదన మైనస్ 500 డాలర్లు, డిసెంబర్ రేటుకి మైనస్ 41,250. రెండూ కలిపితే 33,750. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎక్స్చేంజ్ రేటు తెచ్చిన డబ్బులోంచి వీడు 41,250 తగలేసి, మిగిలినదానికి తన పేరు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, ఆ 500 డాలర్లని 82.50తో ఎందుకు గుణించావ్, పెట్టిన రోజు రేటు 75తో గుణించాలి కదా అంటాడు. గుణించండి సార్. ట్రేడింగ్ నష్టం 37,500 అవుతుంది, కరెన్సీ లాభం మిగిలిన 9,500 డాలర్ల మీద 71,250 అవుతుంది, మొత్తం మళ్ళీ అదే 33,750. మధ్యలో అటూ ఇటూ మారింది 3,750, అంటే 500 డాలర్లని రేటు పెరిగిన 7.50తో గుణిస్తే వచ్చేది. అది రెండు కారణాలూ కలిసి చేసిన పని, ఎవరి ఖాతాలో వేసినా పర్లేదు, కానీ ఒక పద్ధతి అనుకున్నాక ప్రతి ఏడాదీ అదే పాటించాలి, ఏది అందంగా కనిపిస్తే అది కాదు.

ఇంతకీ షీట్‌లో అసలు జోక్ ఇంకోటి ఉంది. మార్చిలో వీడు ఒక ట్రేడ్‌లో 200 డాలర్లు సంపాదించి క్లోజ్ చేశాడు. అప్పుడు రేటు 76 దగ్గర, అంటే 15,200 రూపాయలు. డిసెంబర్‌లో నేను చూసేసరికి అదే మార్చి ట్రేడ్ 16,500 చూపిస్తోంది! ట్రేడ్ క్లోజ్ అయి తొమ్మిది నెలలైంది, అయినా ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది పాపం. ఎందుకంటే ప్రతి వరసలోనూ ఇది రాసి పెట్టాడు:

```
=B2*GOOGLEFINANCE("CURRENCY:USDINR")
```

ఇది ఇవాళ్టి రేటు తెస్తుంది. రేపు రేపటి రేటు తెస్తుంది. అంటే వీడి గతం రోజూ మారుతూ ఉంటుంది. నష్టపోయిన ట్రేడ్లు కూడా అలాగే ఉబ్బుతాయి, కానీ ఆ వరసల దాకా వీడు స్క్రోల్ చెయ్యడు. ఇలాంటి షీట్ మీ దగ్గర ఉందో లేదో తెలుసుకోవడం తేలికే, పోయిన నెల లాభం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వారం తర్వాత చూడండి, మారిందంటే అది జర్నల్ కాదు, జాతకం. ట్రేడ్ క్లోజ్ అయిన రోజు రేటు కావాలంటే తేదీ ఇచ్చి అడగాలి:

```
=INDEX(GOOGLEFINANCE("CURRENCY:USDINR","price",DATE(2022,3,15)),2,2)
```

చివర ఆ 2,2 ఎందుకంటే, తేదీ ఇచ్చి అడిగితే అది హెడ్డింగులతో సహా చిన్న పట్టిక ఇస్తుంది, మనకి కావాల్సిన అంకె రెండో వరస రెండో గడిలో ఉంటుంది. ఒకసారి వచ్చాక ఆ అంకెని వాల్యూగా పేస్ట్ చేసి వదిలెయ్యండి, ఇంక ముట్టుకోవద్దు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఆ షీట్ నాకు ఎక్కడో చూసినట్టుంది అనుకుంటూ కూర్చుంటే గుర్తొచ్చింది. 2017లో ఇదే షీట్‌ని వీడు మా పాత ఆఫీసులో ఒకావిడకి ఇచ్చాడు. ఆవిడ చాలా నెమ్మది మనిషి, ప్రతి ట్రేడ్‌కి ఎందుకు కొన్నదీ ఎందుకు అమ్మిందీ నోట్‌బుక్‌లో రాసుకునేది, నెలకి రెండు మూడు ట్రేడ్లు, అంతకు మించి లేవు. ఆ ఏడాది మొదట్లో డాలర్ 68 దగ్గర ఉంది, ఆవిడ 10,000 డాలర్లు పెట్టింది, 6,80,000. ఏడాది చివరికి అకౌంట్‌లో 10,500 డాలర్లు, ఐదు శాతం లాభం. కానీ ఆ ఏడాది రూపాయి బలపడింది, డాలర్ 64కి దిగింది, 6,72,000. షీట్ ఎర్రగా మైనస్ 8,000 చూపించింది.

మా వాడు ఆ షీట్ చూసి, నా ముందే, "అక్కా, ఏమనుకోకండి, ట్రేడింగ్ మీకు సూట్ కాదు" అన్నాడు. ఆవిడ ఆ నెలలోనే అకౌంట్ మూసేసింది.

అరేయ్. ఆ ఏడాది దిండు 40,000 పోగొట్టుకుందిరా! 10,000 డాలర్లు ఊరికే ఉంటే 6,40,000 అయ్యేవి. ఆవిడ దిండు మీద 32,000 ఎక్కువ తెచ్చింది. నువ్వు దిండు కంటే 41,250 తక్కువ తెచ్చావు. బాగా ఆడినావిడని పంపించేసి, ఓడిపోయిన నువ్వు సలహాలు ఇచ్చుకుంటూ కూర్చున్నావు, పైగా వచ్చే ఏడాది "లాభంలో ఉన్నా కదా, సైజ్ డబుల్ చేస్తున్నా" అంటున్నావు. ఐదు శాతం పోగొట్టే పద్ధతికి రెట్టింపు డబ్బు! ఆవిడ తప్పేం చెయ్యలేదు, నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంది, ఒక్క పనికిమాలిన షీట్‌ని నమ్మింది, అంతే, ఆ షీట్ ఇచ్చింది నువ్వు. దీని గురించి నేను వెటకారం చెయ్యలేను, నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది.

రూపాయల లెక్క అబద్ధం అని నేను అనట్లేదు, అది గమనించండి. ఖర్చు పెట్టేది రూపాయలైతే చివరికి జేబులోకి వచ్చేవి రూపాయలే, ఆవిడ దగ్గర 8,000 తగ్గిన మాట నిజమే, వీడి దగ్గర 33,750 పెరిగిన మాటా నిజమే. నేను ధనవంతుణ్ణి అయ్యానా అని అడిగితే రూపాయల అంకె చెప్తుంది. నాకు ట్రేడింగ్ వచ్చా అని అడిగితే డాలర్ అంకె చెప్తుంది. ఒకదాన్ని అడగాల్సింది ఇంకోదాన్ని అడిగితే అది మాత్రం ఏం చేస్తుంది. పక్కపక్కన రెండు కాలమ్స్ పెట్టుకుంటే సరిపోయే పని ఇది. స్క్రీన్‌షాట్లు పెట్టి క్లాసులు అమ్ముకునే గురువులకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు, సొంత కరెన్సీ పడిపోయిన ఏడాది అందులో చూపిస్తారు, బలపడిన ఏడాది "ప్రొఫెషనల్స్ డాలర్లలోనే చూస్తారు" అంటారు, పోయినసారి ఏ కరెన్సీలో చూపించారని అడిగితే బ్లాక్ చేస్తారు.

ఇంతకీ మా వాడి షీట్‌లో నేనే ఒక కాలమ్ కలిపి ఇచ్చా. పెట్టిన డాలర్లని ముట్టుకోకుండా ఉంచితే ఇవాళ ఎంత అయ్యేవి, వీడివి ఎంత అయ్యాయి, తేడా ఎంత. మధ్యలో డబ్బు వేస్తే ఆ రోజు రేటుకి దిండుకీ అంతే వేసేలా కూడా పెట్టా, లేదంటే కొత్తగా వేసిన డబ్బుని కూడా లాభం అనుకునే రకం వీడు. హెడ్డింగ్ దగ్గర "దిండు" అని రాశా.

రెండు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. "మామా, థాంక్స్, బాగుంది. ఆ దిండు కాలమ్ హైడ్ చేశా, దానివల్ల షీట్ స్లో అవుతోంది."