‘చేద్దాం’ అన్నది ఎవరు?

జూన్ 10, మంగళవారం. మీటింగ్ అయిన రెండు గంటలకి ఫాలోఅప్ మెయిల్ వచ్చింది. అసలు రావడమే గొప్ప కాబట్టి మొదట కళ్లకద్దుకున్నాను. ఆ తర్వాత చదివాను. చేసిన తప్పు అదే.

మెయిల్ మూడు వాక్యాలు. మొదటిది, చర్చ చాలా చక్కగా జరిగిందని అందరికీ థాంక్స్. రెండోది, ‘యాజ్ డిస్కస్డ్, వి విల్ క్లీన్ అప్ ద డేటా బై ఫ్రైడే ఈఓడీ.’ ఈఓడీ అంటే ఎండ్ ఆఫ్ డే, ఆ రోజు ముగిసేలోగా అని. మూడోది, మిగతాది టీమ్ చూసుకుంటుంది.

రెండో వాక్యాన్ని తెలుగులో పెట్టి చూద్దామని కూర్చున్నాను. ‘వి’ దగ్గరే బండి ఆగిపోయింది. మనమా? మేమా? రెండు మాటలూ వేరని మన ఊళ్లో నాలుగేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. ‘మేం సినిమాకెళ్తున్నాం’ అంటే నువ్వు ఇంట్లో ఉండమని, ‘మనం వెళ్తున్నాం’ అంటే చెప్పులేసుకోమని అర్థం. ఇంత పదునైన భాషలో పుట్టినవాళ్లం ఆఫీసులో అడుగుపెట్టగానే ఆ రెంటినీ కలిపి ‘వి’ అని ఒకే గంపలో పడేస్తాం. అమెరికాలోని క్లయింటు దాన్ని ‘మీ హైదరాబాద్ వాళ్లు చేస్తారు’ అని చదువుకుంటాడు. హైదరాబాద్ వాళ్లం ‘అందరం కలిసి చేద్దాం’ అని చదువుకుంటాం. అందరం కలిసి చేసే పని ఎవరు చేస్తారో మీకు నేను చెప్పాలా?

సోమవారం కాల్‌లో పదకొండు మందిమి కూర్చుని ఆ మెయిల్‌కి భాష్యం చెప్పుకున్నాం. వేదానికి వ్యాఖ్యానం రాసినవాళ్లు కూడా ఒక్క వాక్యం మీద నలభై నిమిషాలు ఇంత శ్రద్ధ పెట్టి ఉండరు. క్లయింటు వైపు ఆవిడ, ‘శుక్రవారం సాయంత్రం ఆరుకి చూశాను, ఫైలు లేదు’ అంది. మా మేనేజరు, ‘మా శుక్రవారం సాయంత్రమా, మీదా?’ అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. జూన్ నెలలో మన సాయంత్రం ఆరంటే న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదిన్నర. వాళ్ల సాయంత్రం ఆరంటే మనకి శనివారం తెల్లవారుజాము మూడున్నర. ‘ఈఓడీ’ అనే మూడక్షరాల్లో తొమ్మిదిన్నర గంటలు దాక్కున్నాయి. చలికాలమైతే ఇంకో గంట ఎక్కువే దాక్కునేవి.

ఆ తర్వాత ‘క్లీన్ అప్’ మీద పడ్డాం. క్లయింటు లెక్కలో అంటే, ఒకే మనిషి పేరు మూడుసార్లు ఉంటే మూడింటినీ కలిపి ఒకటి చేయడం. మా లెక్కలో ఫోన్ నంబర్లలోని గీతలూ ఖాళీలూ తీసేసి పది అంకెలు మిగల్చడం. ఎవరి శుభ్రం వాళ్లది. మధ్యలో ఒకాయన ‘మనం ఆల్రెడీ అనుకున్నాం కదా’ అన్నాడు. ఏం అనుకున్నామో మాత్రం అనలేదు. ఇంకొకాయన మైక్ మ్యూట్‌లో పెట్టుకుని నాలుగు నిమిషాలు చాలా బాగా మాట్లాడాడు. ఆ రోజు మాకు అభ్యంతరం లేని ప్రసంగం అదొక్కటే.

చివరికి తప్పు ఎవరిదని తేలిందో తెలుసా? మీటింగ్‌లో నోట్స్ రాసుకున్న అమ్మాయిది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. ఆ మూడు వాక్యాల మెయిల్ రాసింది మేనేజరు. ‘టీమ్’ అన్నది మేనేజరు. కానీ ‘టీమ్’ అనే గొడుగు కింద వెతికితే దొరికేది ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్లే. ఆ పిల్ల శనివారం తెల్లవారుజాము దాకా మేలుకుని తనకు అర్థమైనంతలో ఫోన్ నంబర్లు సరిచేసింది. దానికి అప్రైజల్‌లో ‘ఓనర్‌షిప్ తక్కువ’ అని రాశారు. ఓనర్ పేరు రాయడానికి చెయ్యి రాని మనిషి ఇంకొకరికి ఓనర్‌షిప్ లేదని రాశాడు! ఇది మతిమరుపు కాదు, తెలిసి చేసే పని. పేరు రాస్తే రేపు పట్టుబడతామని, తేదీ రాస్తే ఆ రోజు వస్తుందని తెలిసే రాయరు. సిగ్గుండాలి.

సరే, మంచినీళ్లు తాగి వచ్చాను.

మన పెద్దలు కంప్యూటర్ ముఖం చూడకుండానే దీన్ని తేల్చేశారు. లగ్నపత్రిక చూడండి. ఎవరి అమ్మాయి, ఎవరి అబ్బాయి, ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి అన్నీ ఉంటాయి. రెండు వైపులవాళ్లూ కూర్చుని ఉండగా పురోహితుడు పైకి చదువుతాడు. ‘వీలైనంత త్వరగా మనం పెళ్లి చేద్దాం, మిగతాది టీమ్ చూసుకుంటుంది’ అని ఏ పత్రికలోనైనా చదివారా?

కాబట్టి మంగళవారం నాడు రావలసిన మెయిల్ ఇది. పాత్రల స్థానంలో పేర్లుంటాయనుకోండి.

‘నిర్ణయం: ఒకే ఫోన్ నంబరుతో ఒకటికి మించి ఉన్న రికార్డులను ఒకటిగా కలపాలి. చిరునామాలు ఇప్పుడు ముట్టుకోము. ఎవరు: మా డేటాబేస్ అతను. ఎప్పటికి: జూన్ 13, శుక్రవారం, సాయంత్రం 6, భారత కాలమానం. దానికి ముందు: ఏ రికార్డు ఉంచాలో చెప్పే నియమాన్ని క్లయింటు వైపు ఆవిడ జూన్ 11 సాయంత్రం 6, భారత కాలమానంలోగా పంపాలి. అది ఒక రోజు ఆలస్యమైతే మా తేదీ కూడా ఒక రోజు జరుగుతుంది. తేలనిది: పాత సిస్టమ్ ఎప్పుడు ఆపాలి. దీనికి జవాబు తెచ్చేది మా మేనేజరు, జూన్ 17లోగా.’

ఇందులో నెల పేరు అక్షరాల్లో రాయడం నా చాదస్తం కాదు. ‘6/12’ అని రాస్తే అమెరికావాళ్లు జూన్ 12 అని చదువుతారు, మనం డిసెంబరు 6 అని నిమ్మళంగా పడుకుంటాం. ‘చిరునామాలు ముట్టుకోము’ అన్న వాక్యం కూడా ఊరికే పెట్టలేదు. చేస్తామన్న దాని కంటే చెయ్యబోమన్న దాని మీదే ఎక్కువ గొడవలవుతాయి. ఇక ఓనర్ ఒక్కరే ఉండాలి. సాయం పదిమంది చేయొచ్చు, ‘ఏమైంది?’ అని అడిగితే తలెత్తాల్సింది మాత్రం ఒక్క తలే. రాసింది సరిగా ఉందో లేదో చూడాలంటే, మీటింగ్‌కి రాని మనిషికి ఇచ్చి ప్రతి వాక్యానికీ ‘ఎవరు?’ అని అడగండి. రెండు పేర్లు చెప్పాడంటే మళ్లీ రాయాలి.

‘తప్పుంటే రేపు సాయంత్రం ఆరులోగా చెప్పండి, లేకపోతే ఇదే ఖాయం’ అని కింద ఒక గీటు గీయాలి. ఇదేమీ దౌర్జన్యం కాదు. బోర్డు మీటింగుల మినిట్స్‌కి కంపెనీ సెక్రటరీల సంస్థ పెట్టిన ప్రమాణాల్లోనే ఉంది. 15 రోజుల్లో చిత్తుప్రతి పంపాలి, డైరెక్టర్లు 7 రోజుల్లో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కోట్ల వ్యవహారం చూసే డైరెక్టర్ల మౌనానికే అర్థం ఉన్నప్పుడు మా వాళ్ల మౌనానికి ఎందుకుండదు? అయితే ఒక్క మినహాయింపు. మీటింగ్‌కి రానివాడి నెత్తిన పని పెట్టి, అతని మౌనాన్ని అంగీకారం అనకూడదు. అతను ‘సరే’ అని తిరిగి రాస్తేనే అతని పేరు నిలుస్తుంది. తర్వాత తేదీ మారితే అదే మెయిల్‌కి జవాబుగా పాత తేదీ, కొత్త తేదీ, కారణం మూడూ రాయాలి. పాతదాన్ని చెరిపేసి ‘మొదటినుంచీ ఇదే’ అనడం మా ఆఫీసులో ఒక కళ.

పై నమూనాలోనే ఈ వారం మీటింగ్‌కి నేనే మెయిల్ పంపాను. పదకొండు మందిలో పది మంది మౌనంగా ఒప్పుకున్నారు. మేనేజరు ఒక్కడూ జవాబిచ్చాడు: ‘ఇంత వివరంగా అవసరమా? ఒకసారి కాల్‌లో మాట్లాడుకుందాం.’

ఎవరు ఎవరికి కాల్ చెయ్యాలో, ఎప్పుడో, అందులో లేదు. అడుగుతూ తిరిగి రాశాను.