గింజ డబ్బు ఎక్కడికీ పోలేదు

“క్వింటా పత్తిలో దూది 34 కిలోలే. మిల్లు ఆ 34 కిలోలకే లెక్కగట్టి, గింజంతా ఊరికే ఉంచుకుంటోంది. పైగా దూది శాతం 34 నుంచి 35కి పెరిగితే ధర 3 శాతం పెరగాల్సింది పోయి 2 శాతం కూడా పెంచడం లేదు. తేమ పేరుతో కోసేది ఇంకో దోపిడీ.”

జిన్నింగ్ మిల్లు మీద పత్తి రైతులు చేసే ఆరోపణలివి. మొదట గింజ సంగతి. దూది కిలో 160, గింజ కిలో 30 అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. 100 కిలోల పత్తి ఆడితే 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి, రెండు కిలోలు చెత్తగా, దుమ్ముగా పోతాయి. దూది విలువ 5,440, గింజ విలువ 1,920, కలిపి 7,360. ఆడించి బేలు కట్టే ఖర్చు, మిల్లు లాభం కలిపి 400 తీసేస్తే రైతు చేతికి 6,960. దూది డబ్బు ఒక్కటే అయితే 5,440 దాటదు కదా! గింజను వదిలేశారో లేదో తెలుసుకోవాలంటే మీకు వచ్చిన డబ్బును ఆ రోజు దూది విలువతో పోల్చండి.

రెండోది చూడడానికి నిజంలా ఉంటుంది. 34 మీద 1 అంటే దాదాపు 3 శాతమే. కానీ దూది ఒక కిలో పెరిగితే గింజ ఒక కిలో తగ్గుతుంది. బస్తా బరువు పెరగదు. 160 వచ్చి 30 పోయింది, మిగిలింది 130. చెల్లింపు 7,090 అవుతుంది, అంటే 1.9 శాతం పెరుగుదల. గింజ ధర పెరిగే కొద్దీ ఒక్కో పాయింటు విలువ ఇంకా తగ్గుతుంది. అందుకే అదే దూది శాతానికి రెండు సీజన్లలో రెండు రకాల పెంపు కనిపిస్తుంది.

తేమ దగ్గర మాత్రం ఆరోపణను పూర్తిగా కొట్టేయలేను. 12 శాతం తేమతో 100 కిలోలు తెస్తే అందులో పొడి సరుకు 88 కిలోలు. 8 శాతం తేమకు ఆరాక తూకం 95.65 కిలోలే ఉంటుంది. తేడా 4.35 కిలోలూ నీళ్లే, వాటికి తరుగు తీయడం న్యాయమే. చిక్కల్లా దూది శాతం తేల్చడానికి తీసే నమూనాలో ఉంది. కిలో తడి పత్తిని ఆరబెట్టి ఆడితే 325 గ్రాముల దూది వచ్చిందనుకోండి. ఆరిన బరువైన 956 గ్రాములతో భాగిస్తే 34 శాతం, తడి కిలోతో భాగిస్తే 32.5 శాతం. మిల్లు 34 రాసి బండి తూకంలో తరుగు తీస్తే లెక్క సరిపోతుంది. 32.5 రాసిందంటే తేమ కోత దూది శాతంలోనే పడిపోయింది. దాని మీద మళ్లీ తూకంలోనూ తరుగు తీస్తే ఒకే నీళ్లకు రెండుసార్లు కోసినట్టు. అక్కడ గట్టిగా నిలదీయండి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నమూనాను ఆరబెట్టక ముందు తూచారా, ఆరాక తూచారా?