ఉరా, యావజ్జీవమా: తక్కెడలో రెండో వైపు ఎందుకు ఖాళీగా ఉంటోంది?

ఎక్కడైనా ఘోరం జరిగిందని టీవీలో వచ్చిన రోజు సాయంత్రం మా విజయనగరంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినబడేది ఒకటే మాట: "ఆడిని ఉరి తీసెయ్యాలి బాబూ, ఇంకేటి ఆలోచన!" ఆ కోపం నాకూ వస్తుంది, ఆడపిల్ల ఉన్న ఇల్లే మాదీ. అయితే కొన్నేళ్ల క్రితం మా వైపు ఒక సెషన్స్ కోర్టులో ఒక హత్య కేసు తీర్పు రోజున వెనక బెంచీ మీద కూర్చుని చూసింది ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు, ఉరిశిక్ష గురించి ఎవరు మాట్లాడినా ముందు అదే గుర్తొస్తుంది.

ఉదయం నేరం రుజువైందని జడ్జి గారు చెప్పారు. భోజనాల తర్వాత శిక్ష మీద విచారణ. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి పోస్ట్‌మార్టం రిపోర్టులోని గాయాలు ఒక్కొక్కటీ చదివి, ఇంత క్రూరంగా చంపినవాడి మీద దయ చూపకూడదన్నారు. తర్వాత ముద్దాయి తరఫు లాయరు లేచి, "వయసు చిన్నది, పేదవాడు, ముసలి తల్లి ఉంది, దయచేసి తక్కువ శిక్ష వేయండి" అని కూర్చున్నారు. నువ్వేమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగితే బోనులో ఉన్నవాడు "అమ్మ ముసిల్దండి" అన్నాడు, అంతే. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుంది. అతనికి యావజ్జీవం పడింది. ఆ రోజు వేయాల్సింది ఉరే అయినా ఆ పది నిమిషాల్లోనే తేలిపోయేది కదా అని ఇంటికి వస్తూ బస్సులో అనుకున్నాను.

"అత్యంత అరుదైన కేసుల్లోకెల్లా అరుదైన కేసు" అనే మాట అందరం వింటున్నాం. ఆ మాట 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నుంచి వచ్చింది. చాలామంది దాన్ని "అత్యంత ఘోరమైన కేసు" అనే అర్థంలో వాడుతున్నారు, అసలు తప్పు అక్కడే మొదలవుతోంది. ఆ తీర్పు ప్రకారం యావజ్జీవం మామూలు శిక్ష, ఉరి మినహాయింపు. ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి, యావజ్జీవం అనే దారి నిస్సందేహంగా మూసుకుపోయిందని తేలాలి. అలా తేల్చడానికి నేరాన్ని ఒక్కదాన్నే చూస్తే సరిపోదు, నేరం చేసిన మనిషినీ చూడాలి. శిక్షను పెంచే పరిస్థితులు ఒక వైపు, తగ్గించే పరిస్థితులు ఇంకో వైపు. ముందే పథకం వేసుకుని అతి క్రూరంగా చంపడం, డ్యూటీలో ఉన్న పోలీసును చంపడం లాంటివి మొదటి వైపు. వయసు, తీవ్రమైన మానసిక ఆందోళన, ఇంకొకరి ఒత్తిడికి లొంగి చేయడం, మారే అవకాశం ఉండడం లాంటివి రెండో వైపు.

ఇందులో జనానికి బొత్తిగా తెలియని సంగతి ఒకటుంది. ముద్దాయి మారే అవకాశం ఉందని ముద్దాయి నిరూపించుకోనక్కర్లేదు. ఇతను మారడు, సమాజానికి ప్రమాదంగానే మిగిలిపోతాడు అని ప్రభుత్వమే సాక్ష్యంతో చూపించాలని బచ్చన్ సింగ్ తీర్పు అప్పుడే చెప్పింది. నేను చూసిన ఆ మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ ఆ ఊసే ఎత్తలేదు, ఎవరూ అడగనూ లేదు.

మూడేళ్ల తర్వాత, 1983లో, మచ్చీ సింగ్ కేసు వచ్చింది. రెండు వైపులా లెక్క రాసి చూడాలని, తగ్గించే పరిస్థితులకు పూర్తి విలువ ఇవ్వాలని ఆ తీర్పు కూడా చెప్పింది. కానీ దానితో పాటు ఉరికి తగిన కేసులు ఎలాంటివో అయిదు రకాలు చెప్పింది: చంపిన తీరు, ఎందుకు చంపాడు, సమాజం ఆ నేరాన్ని ఎలా చూస్తుంది, ఎంతమంది చనిపోయారు, చనిపోయింది ఎవరు. వీటిని ఒకసారి నెమ్మదిగా చదవండి. అయిదూ నేరం గురించే, చేసినవాడి బతుకు గురించి ఒక్కటీ లేదు. ఆ తర్వాత చాలా తీర్పుల్లో ఈ అయిదింటినే పట్టుకుని, "సమాజ అంతరాత్మ తల్లడిల్లింది" అని రాసి ఉరి వేయడం అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎంత దూరం పోయిందో ఒక కేసు చెబుతుంది. రాజస్థాన్‌కు చెందిన రావ్జీ అనే అతని కేసులో, శిక్ష నిర్ణయించడానికి నేరం తీవ్రతే ముఖ్యం, నేరస్తుడు కాదు అని సుప్రీంకోర్టు బెంచ్ రాసింది. బచ్చన్ సింగ్ తీర్పుకు అది నేరుగా ఎదురు. 1996 మే నెలలో అతన్ని ఉరి తీశారు. పదమూడేళ్ల తర్వాత, 2009లో, సంతోష్ బరియార్ కేసులో అదే సుప్రీంకోర్టు, రావ్జీ తీర్పు పెద్ద ధర్మాసనం చెప్పిన చట్టాన్ని పట్టించుకోకుండా ఇచ్చిందని, దాన్ని నమ్ముకుని వచ్చిన ఇంకొన్ని తీర్పులదీ అదే తప్పని ఒప్పుకుంది. 2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు అలాంటి కేసుల్లో మిగిలినవాళ్ల ఉరి ఆపమని రాష్ట్రపతికి లేఖలు రాశారు. రావ్జీ చేసింది భయంకరమైన పనే, భార్యనూ పిల్లలనూ చంపాడు. కానీ అతని బతుకులోకి చూడాల్సిన కోర్టు చూడకుండానే అతన్ని చంపింది, తర్వాత ఎవరు తప్పు ఒప్పుకున్నా దిద్దడానికి మనిషి లేడు.

చూస్తే ఎలా ఉంటుందో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే ఉంది. ఎడిగ అనమ్మ కేసు, 1974 ఫిబ్రవరి. ప్రియుడి విషయంలో అసూయతో ఒక స్త్రీనీ ఆమె పసిబిడ్డనూ చంపింది. ఇప్పుడు ఆ వార్త వస్తే టీ కొట్టు దగ్గర ఏమంటారో చెప్పక్కర్లేదు. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరం ఘోరాన్ని తగ్గించి చెప్పలేదు, కానీ మనిషిని చూశారు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మామ కొట్టి అత్తింట్లోంచి తరిమేశాడు, ఒక్కగానొక్క కొడుకుతో పుట్టింట్లో ఉంటోంది, రెండేళ్లకు పైగా ఉరి భయంతో జైలు గదిలో గడిపింది. ఇవన్నీ కలిపి చూసి ఉరిని యావజ్జీవంగా మార్చారు. అప్పటికి కోర్టుల్లో శిక్ష మీద వేరే విచారణ అనేదే లేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) సెక్షన్‌తో ఆ విచారణ వచ్చింది, ఉరికి ప్రత్యేక కారణాలు రాయాలనే 354(3) కూడా అందులోదే. ఇప్పుడు అవే కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 258(2), 393(3)గా ఉన్నాయి. అంటే శిక్ష మీద విచారణ పెట్టి యాభై ఏళ్లు దాటింది. దాన్ని మనం పది నిమిషాల తంతుగా మార్చుకున్నాం.

2022 మే 20న వచ్చిన మనోజ్ కేసు తీర్పు నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే పనికొచ్చేది, ఎందుకంటే అది నీతులు చెప్పడంతో ఆగకుండా ఏయే కాగితాలు కోర్టుకు రావాలో చెప్పింది. ఇండోర్‌లో 2011లో దొంగతనానికి వెళ్లి ఒకే ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లను చంపిన కేసు అది. ముగ్గురికి ఉరి పడింది. సుప్రీంకోర్టు నేరం రుజువైందనే తేల్చింది, శిక్షను మాత్రం కనీసం 25 ఏళ్లు జైల్లో ఉండాలనే షరతుతో యావజ్జీవంగా మార్చింది. ఇకపై ఉరి పడే అవకాశమున్న కేసుల్లో ముద్దాయి మానసిక పరీక్ష రిపోర్టు, వీలైనంత వరకు నేరం జరిగిన కాలానికి దగ్గరగా చేసినది, ప్రభుత్వమే సెషన్స్ కోర్టు దశలోనే పెట్టాలంది. చిన్నప్పటి ఇల్లు ఎలాంటిది, హింస, నిర్లక్ష్యం ఉన్నాయా, చదువెంత, పేదరికం, పని, పాత కేసులు, ఇవన్నీ రాయాలి. జైల్లో ప్రవర్తన మీద వేరే రిపోర్టు రావాలి. వాటిని కాదనడానికి ముద్దాయికి అవకాశం ఇవ్వాలి.

ఇది పని చేయాలంటే ఏం చేయాలో మన దగ్గర నుంచే ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం తీరంలోని ఒక మత్స్యకార కుర్రాడు పదమూడేళ్లకే బడి మానేసి గుజరాత్ వెళ్లే బోట్లలో పనికి చేరాడు. ఇరవై ఒకటో ఏట అక్కడే హత్య కేసులో దొరికాడు. కోర్టు ఇచ్చిన లాయరుకు తెలుగు రాదు, వీడికి అక్కడి భాష సగమే వచ్చు. శిక్ష విచారణలో ఆ లాయరు "వయసు చిన్నది, పేదవాడు" అనడం తప్ప ఇంకేం చెప్పగలడు? అదే ఎవరైనా ఊరికి వచ్చి రెండు రోజులుంటే వేరే సంగతులు దొరకవచ్చు. బడి రిజిస్టరులో ఏ తరగతిలో పేరు కొట్టేశారో ఉంటుంది. తండ్రి తాగి కొట్టేవాడా లేదా అనేది పక్కింటి ముసలమ్మ చెబుతుంది. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడా, ఫిట్స్ వచ్చేవా అనేది ఆశా కార్యకర్తకో తల్లికో తెలుస్తుంది. దొరికినవన్నీ అతనికి అనుకూలంగానే ఉంటాయనీ లేదు, ఊళ్లో ఇంతకుముందే ఇద్దరిని కొట్టాడని కూడా తేలవచ్చు. అదీ కాగితం మీదకు రావాలి. రెండు వైపులా బరువులు వేశాకే కదా తూకం.

ఖాళీ రిపోర్టును గుర్తుపట్టడం కష్టం కాదు. "ముద్దాయి పేద కుటుంబానికి చెందినవాడు, జైల్లో ప్రవర్తన సంతృప్తికరం" అని రెండు లైన్లుంటే ఎవరూ ఊరికి వెళ్లలేదని అర్థం. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీన, ఏ రిజిస్టరు చూశారు అన్నవి లేని రిపోర్టు మీద ఒక మనిషి ప్రాణం తేల్చకూడదు. ఇంకో చిక్కు, సమయం. నేరం రుజువైన రోజునే ఉరి వేయవచ్చా, ముద్దాయికి ఎంత సమయం ఇస్తే నిజమైన విచారణ అవుతుంది అనే ప్రశ్నను 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపింది. మనోజ్ తీర్పు చెప్పినవి పాటించకుండా ఉరి ఖాయమైన కేసుల్లో, అరుదుగానైనా, శిక్ష ఒక్కదాని మీద మళ్లీ వినవచ్చని 2025 ఆగస్టులో వసంత దుపారే కేసులో చెప్పింది. అది నాలుగేళ్ల పాప మీద జరిగిన దారుణం. క్షమాభిక్ష కూడా తిరస్కరించాక వచ్చిన తీర్పు. చదువుతుంటే నాకూ కడుపు రగిలింది. అయినా మొదటే ఆ కాగితాలు తెప్పించి ఉంటే, ఆ పాప తల్లిదండ్రులు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కోర్టు వార్త వినాల్సి వచ్చేది కాదు.

బాధితుల కుటుంబాల సంగతేమిటని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. సగం విచారణతో పడిన ఉరి వాళ్లకు న్యాయం కాదు. కింది కోర్టులో టపాకాయలు కాలుస్తారు, హైకోర్టు ఖాయం చేస్తే గానీ అది అమలు కాదు, తర్వాత సుప్రీంకోర్టు, రివ్యూ, క్షమాభిక్ష, ఒక్కో మెట్టు దగ్గర ఆ తల్లి మళ్లీ మొదటికొస్తుంది. యావజ్జీవమంటే పద్నాలుగేళ్లకు వదిలేస్తారనే భయమూ నిజమైనదే. దానికి సుప్రీంకోర్టు 2008లో శ్రద్ధానంద కేసులో దారి చూపింది: రెమిషన్ అనే శిక్ష తగ్గింపు లేకుండా ఇన్నేళ్లు, లేదా చనిపోయేదాకా జైల్లోనే అని శిక్ష వేయవచ్చు. అలాంటి దారి ఉన్నప్పుడు "యావజ్జీవం సరిపోదు" అని రాయడానికి జడ్జి దగ్గర చాలా గట్టి కారణం ఉండాలి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి లాయరును ఇస్తున్నారు, మంచిదే. ఉరి పడే అవకాశమున్న కేసులో ఆ లాయరుతో పాటు, ముద్దాయి ఊరికి వెళ్లి నాలుగిళ్లు తిరిగే మనిషిని, అతనికి బస్సు చార్జీలనూ, కనీసం కొన్ని వారాల గడువునూ ఇవ్వాలి. ఆ మధ్యాహ్నం బోనులో "అమ్మ ముసిల్దండి" అన్నవాడి ఇంటికి తీర్పుకు ముందు ఎవరూ వెళ్లలేదు. ఆమె ఆ రోజు కోర్టు వరండాలోనే, తలుపు పక్కన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి పిలిచి కొడుకు గురించి ఒక్క ప్రశ్న కూడా ఆమెను ఎవరూ అడగలేదు.