పోయిన డబ్బు ఆస్తి ఎలా అవుతుంది?

నగరంలోని ఓ ఉద్యోగుల పరపతి సంఘంలో క్యాషియర్ చేతివాటం సంగతి సభ్యులకు తెలిసిందే. దానికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది, ఆ తర్వాత పాలకవర్గం లెక్కలు రాసిన తీరు.

మార్చి 31 నాటికి చేతిలో నగదు రూ.17.60 లక్షలని క్యాష్‌బుక్ చెప్పింది. మర్నాడు ఉదయం ఆడిటర్లు బీరువా తెరిపించి లెక్కిస్తే రూ.3.60 లక్షలే ఉన్నాయి. రసీదు పుస్తకంలోని తేదీలను బ్యాంకు చలాన్లతో పోల్చాక దారి దొరికింది. సోమవారం వసూలైన డబ్బు బ్యాంకుకు చేరింది గురువారం, అదీ గురువారం వసూళ్లలోంచి. వెనకటి గుంతను తర్వాతి వసూళ్లతో పూడుస్తూ పోయాడు క్యాషియర్. మాయమైన మొత్తం రూ.14 లక్షలు.

ఈ మొత్తాన్ని సంఘం నష్టంగా రాయలేదు. ‘ఉద్యోగి నుంచి రావలసినది’ అని ఆస్తుల వైపు చూపింది. దాంతో రూ.11 లక్షల లాభం చెక్కుచెదరలేదు, డివిడెండ్ కూడా ప్రతిపాదించారు. క్యాషియర్ తప్పు ఒప్పుకుని ప్రామిసరీ నోటు రాసిచ్చాడని, నష్టమని చెబితే డిపాజిటర్లు బెదిరిపోతారని పాలకవర్గం వాదన. భయం నిజమే కావచ్చు. అది లెక్క మార్చడానికి కారణం కాదు.

మోసం బయటపడింది ఏప్రిల్‌లోనైనా జరిగింది అంతకుముందే. కాబట్టి నష్టం ఆ ఏడాది ఖాతాల్లోనే పడాలి. తిరిగి రాబట్టుకోవాల్సిన సొమ్ము సంగతి వేరు. వస్తుందనడంలో దాదాపు సందేహమే లేనప్పుడు తప్ప దాన్ని ఆస్తిగా చూపకూడదని అకౌంటింగ్ ప్రమాణం 29 చెబుతోంది. క్యాషియర్ ఆ వారంలోనే సంఘం ఖాతాలో కట్టిన రూ.2 లక్షలు చేతికొచ్చాయి కాబట్టి చూపొచ్చు. అతను రాసిచ్చిన నోటు, అమ్మి కడతానన్న ప్లాటు ఆ కొలతకు తూగవు. ఉద్యోగుల మోసంతో వచ్చే నష్టానికి తీసుకునే విశ్వసనీయత బీమా కింద పెట్టిన రూ.5 లక్షల క్లెయిమును కంపెనీ ఇంకా ఒప్పుకోలేదు, అదీ అంతే. పీఎఫ్‌లో పట్టుకుందామన్న మాట అసలు నిలవదు, ఆ సొమ్ముకు జప్తు నుంచి చట్టమే రక్షణ ఇచ్చింది. ఇవేవైనా రేపు వస్తే, వచ్చిన ఏడాది ఆదాయంగా రాసుకోవచ్చు.

అంటే నికర నష్టం రూ.12 లక్షలు. రూ.11 లక్షల లాభం పోయి రూ.లక్ష నష్టం తేలుతుంది. పంచడానికి డివిడెండే లేదు.

మా ఆందోళన ఈ ఒక్క సంఘం గురించి కాదు. ఈ పద్దును ఇలాగే ఆమోదిస్తే, నగదు పోయిన ప్రతి సంఘమూ దొంగ పేరు మీద ఓ బాకీ రాసి లాభం చూపుకుంటుంది. వసూలు కాని ఆ బాకీ ఏటేటా ఆస్తుల్లోనే నిలిచిపోతుంది, లేని లాభం మీద పంచిన సొమ్ము మాత్రం డిపాజిటర్ల డబ్బులోంచి వెళ్తుంది. ఇవాళ వదిలేస్తే రేపు కాదనడానికి సహకార శాఖకు నోరుండదు.

పాలకవర్గం ఆ పద్దు సరిదిద్ది, డివిడెండ్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుని మహాసభకు రావాలి. పోయినది సభ్యుల సొమ్ము. వారికి చెప్పకుండా దాచే హక్కు మీకెవరిచ్చారు?