ఏడు వేల కోట్ల ఫ్లెక్సీ

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ పక్కన కొత్త ఫ్లెక్సీ వెలిసింది. కింద రెండు వరసల్లో దండం పెడుతున్న పెద్దమనుషులు. పైన బంగారు రంగు అక్షరాలతో "7000 కోట్ల పారామీటర్లతో తెలుగువాడి ఏఐ". సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో డ్రైవరు అది చదివి, "ఏడు వేల కోట్లా! ఈసారి తిన్నదెవరండీ?" అని అడిగాడు. ఈ మోడల్ గురించి ఊళ్లో ఇంతవరకు వినబడిన ప్రశ్నల్లో కాస్త లెక్క తెలిసిన ప్రశ్న ఇదొక్కటే.

పారామీటర్లంటే మోడల్ శిక్షణలో సర్దుకుంటూ పోయే అంకెలు. అవి ఎన్నున్నాయో చెప్పి, ఎంత తెలుగు చదివించారో చెప్పకపోవడం అంటే గంగాళం సైజు చెప్పి భోజనానికి పిలవడం. బియ్యం ఎన్ని పోశారని అడిగితే మర్యాద తెలియనివాడని చూస్తారు.

ఆవిష్కరణ సభ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా నేనూ వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన అయింది. శాలువాలు అయ్యాయి. కంప్యూటర్లు అద్దెకిచ్చిన ఆయనకు రెండు శాలువాలు కప్పారు, న్యాయమే. తర్వాత ముఖ్యవక్త తెర మీద గ్రాఫు వేశారు. అడ్డంగా పారామీటర్లు, నిలువుగా లాస్. మోడల్ మాటల్ని టోకెన్లనే ముక్కలుగా చదువుతుంది, తర్వాతి టోకెన్‌ని ఊహించడంలో అది పడే తప్పే లాస్. మధ్యలో చక్కటి సరళరేఖ, కిందికి దిగుతోంది. ఆయన లేజర్ లైటుతో ఆ రేఖను పొడిగించుకుంటూ పోయారు. రేఖ తెర దాటింది, పక్కనున్న కర్టెన్ దాటింది, వేదిక మీది పెద్దమనిషి చెవి మీదుగా పోయి ఎమర్జెన్సీ ఎగ్జిట్ బోర్డు దగ్గర ఆగింది. "ఇక్కడికి వచ్చేసరికి మన మోడల్‌కి తప్పనేదే ఉండదు" అన్నారు. చప్పట్లు. వెనక వరసలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు లేచి, "బాబూ, మీరు ఎంత తెలుగు చదివించారు?" అని అడిగారు. "ఐదు వందల కోట్ల టోకెన్లు సార్, ఒక్కసారి." "మరి గ్రాఫులో అది ఎక్కడుంది?" "అది టెక్నికల్ టీమ్ చూసుకుంటుంది సార్. భోజనాలు రెడీగా ఉన్నాయి."

మాస్టారు అడిగినదానికి జవాబు 2022లోనే అచ్చయింది. గూగుల్ వారి డీప్‌మైండ్ వాళ్లు నాలుగు వందలకు పైగా మోడళ్లకు శిక్షణ ఇచ్చి చూసి ఈ సూత్రం కట్టారు:

```
L(N, D) = 1.69 + 406.4/N^0.34 + 410.7/D^0.28
```

L అంటే లాస్, N అంటే పారామీటర్లు, D అంటే చదివించిన టోకెన్లు. మొదటి అంకె 1.69 భాషలోనే ఉన్న అనిశ్చితి. ఎంత పెద్ద మోడలైనా దానికి కిందికి పోదు. అది కలిశాక ఆ సరళరేఖ వంగి చదునైపోతుంది, ఎగ్జిట్ బోర్డు దాకా రాదు. మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి మోడల్ చిన్నదైనందుకు కట్టే జరిమానా, రెండోది తక్కువ చదివించినందుకు కట్టేది. ఒకదాని జరిమానా ఇంకొకటి కట్టదు.

మన ఫ్లెక్సీ మోడల్‌ని ఇందులో వేద్దాం. ఏడు వేల కోట్ల పారామీటర్లకు మొదటి జరిమానా సుమారు 0.08, ఏమీ లేనట్టే. ఐదు వందల కోట్ల టోకెన్లకు రెండోది 0.79. మొత్తం 2.56. పారామీటర్లు అనంతం చేసినా 2.48 దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు పారామీటర్లు 175 కోట్లకు దించి, అదే తెలుగుని నాలుగుసార్లు చదివించండి. ఉన్న డేటానే నాలుగుసార్ల వరకు తిప్పి చదివిస్తే దాదాపు కొత్త డేటా అంత పని చేస్తుందని 2023లో తేలింది. ఆ తర్వాత ఫలితం పడిపోతూ వస్తుంది. ఇప్పుడు జరిమానాలు 0.29, 0.54. మొత్తం 2.52. అంటే నలభయ్యో వంతు సైజున్న మోడల్ గెలిచింది. శిక్షణ ఖర్చు సుమారు 6 × N × D కాబట్టి, కంప్యూటర్ అద్దె పదో వంతు. పెద్దదానికీ నాలుగుసార్లు చదివిస్తే అది మళ్లీ ముందుకు పోతుంది, నిజమే. కానీ అప్పుడు అద్దె చిన్నదానికి నలభై రెట్లు.

ఆ సూత్రంలో అంకెలు సరిగ్గా కుదరలేదని 2024లో వేరేవాళ్లు మళ్లీ కట్టారు. వాళ్ల అంకెలతోనూ వేసి చూశాను, చిన్నదే గెలిచింది. ఈ అంకెలు తెలుగు మీద కొలిచినవి కావు కాబట్టి దశాంశాలు పట్టుకుని వేలాడొద్దు. ఎవరు గెలుస్తారన్నదే చూడండి. డీప్‌మైండ్ వాళ్లు అదే చేసి చూపించారు. తమదే 28 వేల కోట్ల పారామీటర్ల గోఫర్‌ని, దాదాపు అంతే కంప్యూటర్ ఖర్చుతో, ఏడు వేల కోట్ల చించిల్లా ఓడించింది. గోఫర్ చదివింది 30 వేల కోట్ల టోకెన్లు, చించిల్లా చదివింది లక్షా నలభై వేల కోట్లు. మనవాళ్లు ఇందులోంచి ఏడు వేల కోట్లు అన్న ముక్క ఒక్కటే తెచ్చుకున్నారు.

ఇక్కడిదాకా నవ్వొచ్చు. చివరి స్లైడు దగ్గర నాకు నవ్వు పోయింది. "ఇంగ్లీషులో విదేశీ మోడల్ లాస్ 2. తెలుగులో మన లాస్ 0.7. మూడు రెట్లు మిన్న." టోకెన్లు ఎలా చేశారో చూస్తే, తెలుగుని, కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే బైట్ల కింద ముక్కలు చేశారు. "తెలుగు" అన్న మాటకు 18 బైట్లు, అందులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి. ప్రతి మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ E0. రెండోది B0, లేకపోతే B1. మొదటిదాన్ని ఊహించడానికి తెలివి అక్కర్లేదు. రెండోదానికి ఉన్నవే రెండు దారులు. అసలు కష్టమంతా మూడో బైటులో ఉంది. ఆ కష్టాన్ని మూడుతో భాగించి సగటు చూపిస్తే లాస్ మూడో వంతుకు రాక ఏమవుతుంది? టోకెన్లు వేరైనప్పుడు టోకెనుకు లాస్ ఎంత అని పోల్చకూడదు. ఒకే పేజీ ఇద్దరికీ ఇచ్చి, పేజీ మొత్తం మీద లాస్ ఎంత వచ్చిందో చూడాలి. ఇది ఈ రంగంలో మొదటి నెలలో నేర్చుకునే సంగతి. తెలియక చేశారని నేను అనుకోను. ముందు వరసలో ఫీజులు కట్టి వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు ఆ 0.7ని నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. రేపు ఇంటర్వ్యూలో అదే చెప్పి, ఎందుకు పోయిందో తెలియక బయటికొస్తారు. సిగ్గుండాలి.

పోనీ ఆ 0.79 జరిమానా ఎలా తగ్గుతుంది? ఏలూరు రోడ్డులో నడిచి చూడండి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు పట్టాల మీద ఎండకు పసుపెక్కుతున్నాయి. స్కాన్ చేసి, అచ్చుతప్పులు దిద్ది, హక్కులున్నవాళ్లకు డబ్బు ఇస్తే అదంతా D. తేలిక పనేం కాదు. పుస్తకానికి అరవై వేల పదాలు, బైట్లుగా కాక మామూలుగా ముక్కలు చేస్తే పదానికి మూడు టోకెన్లు అనుకుంటే దగ్గర దగ్గర రెండు లక్షలు వస్తాయి. ఇంకో ఐదు వందల కోట్లు కావాలంటే పాతిక వేల పుస్తకాలు. ప్రూఫులు దిద్దేవాళ్లకు జీతాలివ్వాలి. వాళ్లకు ఎవరూ శాలువా కప్పరు, ఫ్లెక్సీలో వాళ్ల ఫొటోకి చోటుండదు. అందుకే ఆ పద్దు కింద రూపాయి రాల్చరు.

వచ్చే నెల గుంటూరులో రెండో సభ అట. డేటా అదే, పారామీటర్లు పద్నాలుగు వేల కోట్లు. అద్దె రెట్టింపవుతుంది, లాస్ 2.56 నుంచి 2.55కి వస్తుంది.