అమ్మకు సందేశం: తుది ముసాయిదా

ఏటా మే నెల రెండో ఆదివారం, మదర్స్ డే నాడు, తెల్లవారుతూనే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక దుర్ఘటన జరుగుతుంది. పోయినేడాది ఉదయం 6:10కి మా అక్క గులాబీల బొమ్మ ఒకటి పెట్టింది. దాని మీద ‘అమ్మంటే నడిచే దైవం’ అని రాసుంది. 6:40కి బావగారు అదే బొమ్మ పెట్టారు. ఏడింటికి నేను పెట్టాను, పైన ఏముందో చూడకుండా, అదే బొమ్మ. తెనాలిలో మా అమ్మ నిద్ర లేచి మూడింటికీ మూడు దణ్ణాలు పెట్టి, నా బొమ్మ కింద మాత్రం ‘గ్యాస్ బుక్ చేశావా’ అని అదనంగా చేర్చింది.

ఏ దైవమూ గ్యాస్ సంగతి అడిగినట్టు పురాణాల్లో లేదు. లోపం సందేశంలోనే ఉందని తేల్చుకుని, ఈ ఏడాది ముందుగానే ఒక విచారణ సంఘం వేశాను. సభ్యుడు ఒక్కడే కావడంతో కోరం సమస్య రాలేదు.

సంఘం ముందుగా పాత రికార్డులు తిరగేసింది. ఈ పండగ మొదలుపెట్టినావిడ పేరు అన్నా జార్విస్. అమెరికావిడ. వాళ్ళమ్మ 1905 మే 9న పోయింది. మూడేళ్ళకు, 1908 మే 10న, వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ అనే ఊళ్ళో చర్చిలో అమ్మల కోసం ప్రార్థన పెట్టించి, వాళ్ళమ్మకు ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే రెండో ఆదివారాన్ని ఖాయం చేశాడు. అక్కడితో కథ సుఖాంతం కావాలి, కాలేదు. పూల వ్యాపారులు, కార్డుల వ్యాపారులు దిగారు. అచ్చేసిన కార్డు చూస్తేనే ఆవిడకు ఒళ్ళు మండేది. తాను తెచ్చిన పండగను తానే రద్దు చేయించాలని చివరి రోజుల దాకా పోరాడింది. ఆవిడకు పిల్లల్లేరు. ఫార్వర్డ్ మెసేజీల బాధ లేకుండా పోయిన ఒకే ఒక్క మదర్స్ డే మనిషి.

ఆవిడ గట్టిగా పట్టుబట్టిన విషయం ఇంకొకటుంది. ఇంగ్లీషులో ఈ పేరు రాసేటప్పుడు చివరి ‘ఎస్’ ముందు చిన్న కొక్కెం ఒకటి పెట్టాలి, తర్వాత కాదు. ముందు పెడితే ఒక్క అమ్మ రోజు, తర్వాత పెడితే అందరమ్మల రోజు. ఎవరింట్లో వాళ్ళు వాళ్ళమ్మను తలచుకోవాలన్నది ఆవిడ లెక్క. తెలుగులో ‘మదర్స్ డే’ అని రాసేసరికి ఆ కొక్కెం ఎటో ఎగిరిపోయింది. మా గ్రూపులో ఒకే గులాబీ మూడుసార్లు పూయడానికి మూలకారణం ఇదేనని సంఘం అభిప్రాయం.

ఆ కొక్కెం ఆధారంగా ఒక పరీక్ష తయారుచేశాను. రాసిన సందేశం పొరపాటున పక్కింటి పిన్నిగారికి వెళ్ళిందనుకుందాం. ఆవిడ ‘థాంక్యూ నాన్నా’ అని సంతోషిస్తే అది మా అమ్మకు రాసిన సందేశం కాదు. ‘ఇదేమిట్రా, నన్నెందుకు అంటున్నావు’ అని ఫోన్ చేస్తే పాస్.

మొదటి ముసాయిదాలో ‘మా కోసం రాత్రులు మేలుకున్నావు’ అని రాశాను. నిజమే, కానీ పిన్నిగారూ మేలుకున్నారు. కొట్టేశాను. రెండో వాక్యం, ‘నువ్వు తినకుండా మాకు పెట్టావు’. ఇక్కడ విచారణ అనుకోని మలుపు తిరిగింది. ఈ వాక్యం పిన్నిగారికి సరిపోతుందేమో గానీ మా అమ్మకు సరిపోదు. దీనికి సాక్ష్యం ఆవకాయ.

మదర్స్ డే వచ్చేది సరిగ్గా ఆవకాయ రోజుల్లోనే. మా ఇంట్లో ఆ ఆదివారాలు అమ్మకు ఎలా జరిగేవో చెబుతాను. కాయలు నీళ్ళలో పోసి, పొడిగుడ్డతో తుడిచి, మా నాన్న కొట్టించుకొచ్చిన ముక్కల్లో జీడి తీసి, టెంక మీది పొర గీరి, మళ్ళీ ఒక్కో ముక్కా తుడిచేది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు, గుప్పెడు మెంతులు. ముక్కలు నువ్వుల నూనెలో ముంచి, పిండిలో దొర్లించి జాడీకి ఎత్తేది. ఖాళీ బేసిన్‌కు ఎర్రటి పిండీ నూనే అంటుకుని ఉండేవి. అందులో వేడన్నం వేసి కలిపేది. అక్కా నేనూ చేతులు చాపుకుని కూర్చునేవాళ్ళం. మొదటి ముద్ద అమ్మ నోట్లోకి వెళ్ళేది. ‘ఉండండి, ఉప్పు చూస్తున్నా’ అనేది. రెండో ముద్ద కూడా ఉప్పు చూడటానికే వెళ్ళేది. మూడోది అక్కకు, నాలుగోది నాకు.

పాతికేళ్ళు దీన్ని నాణ్యతా పరీక్షగానే భావించాను. నిజం బయటపడింది పోయినేడాది, హైదరాబాద్‌లో నేనే సొంతంగా ఆవకాయ పెట్టినప్పుడు. కలిపిన రోజే రుచి చూస్తే ఉప్పు కషాయంలా ఉంది. కంగారుపడి ఇంకాస్త కారం, ఇంకాస్త ఆవపిండి గుమ్మరించాను. పిండి పెరిగింది, నూనె పెంచలేదు. మూడో రోజుకు జాడీలో నూనె తేలలేదు, ఉప్పు చప్పబడింది. వారానికి ముక్క మెత్తబడి, పైన తెల్లగా బూజు కూర్చుంది. ఫోన్ చేశాను. అమ్మ నా క్షేమసమాచారాలు అడగలేదు.

‘ముక్క ఎన్నిసార్లు తుడిచావు?’

‘ఒకసారి.’

‘నూనె తేలిందా?’

‘లేదు.’

‘మరి మూడో రోజు తిరగ కలిపి నూనె పొయ్యలేదేం? పైన నూనె లేకపోతే గాలి తగిలి బూజు రాదూ?’ అని, కాసేపాగి, ‘అయినా మొదటి రోజు ఉప్పు ఎవడు చూడమన్నాడు నిన్ను? ఆ రోజు ఉప్పంతా పిండిలోనే ఉంటుంది, ముక్కకు పట్టదు. తెలిసేది మూడో రోజేగా!’

బూజు పట్టిన జాడీ పక్కన నేలమీద కూలబడి ఆ వాక్యం మళ్ళీ విన్నాను. మొదటి రోజు ఉప్పు తెలియదు. ఈ సంగతి ఆవిడకు మొదటినుంచీ తెలుసు. మరి పాతికేళ్ళపాటు మొదటి రోజు బేసిన్‌లో ఆవిడ రెండేసి ముద్దలు చూసిందేమిటి?

అప్పుడు కోపం రాలేదు, కొంత హాయిగా అనిపించిన మాట దాచను. తినకుండా పెట్టిన అమ్మ కథలు విని విని, ఆ అప్పు ఎన్నటికి తీరుతుందా అని భయపడుతూ పెరిగినవాణ్ణి. మా అమ్మకు ఆవకాయన్నం అంటే నాకున్నంత ఆశ ఉండేదని, దానికోసం పిల్లల ముందు అబద్ధం కూడా ఆడేదని తెలిశాక, ఆవిడ మీద కొత్తగా అభిమానం కలిగింది.

సంఘం తుది ముసాయిదా ఇలా ఖరారైంది. ఈ ఆదివారం పొద్దున్న గ్రూపులో కాకుండా నేరుగా పంపాను:

‘అమ్మా, బేసిన్ అన్నం విషయంలో నువ్వు మమ్మల్ని పాతికేళ్ళు మోసం చేశావు. మొదటి రోజు ఉప్పు తెలియదని పోయినేడాది నువ్వే ఒప్పుకున్నావు. నా లెక్కన అక్కకూ నాకూ కలిపి నువ్వు యాభై ముద్దలు బాకీ. శనివారం వస్తున్నా. ముక్కలు నేను తుడుస్తా, రెండుసార్లు. బేసిన్ ఎవరూ ముట్టుకోవద్దు. ఈసారి ఉప్పు నేను చూస్తా. అప్పటిదాకా ఒక్కదానివే జాడీ దించకు, పోయినసారి నడుం పట్టేసి నాలుగు రోజులు మాకు చెప్పలేదని నాన్న చెప్పారు.’

రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంట గడిచింది. దణ్ణం బొమ్మ రాలేదు. పదింటికి జవాబు వచ్చింది:

‘మొదటి రోజు చూసేది ఉప్పు కాదురా, కారం. గ్యాస్ బుక్ చేశావా.’