అంచులో నల్లగీత ఉంటే అసలు కార్డేనా?

"ముంబైలో ఒకాయన 1999 నాటి పోకెమాన్ బేస్ సెట్ చారిజార్డ్ కార్డు అమ్ముతానంటున్నాడు. ముందు, వెనక, అంచు ఫోటోలు వాట్సాప్‌లో పంపాడు. వీటిని చూసి అసలుదో నకిలీదో చెప్పగలరా?" ఇదీ రాజేష్ అడిగింది.

డాబాగార్డెన్స్‌లోని ఒక ప్రెస్సులో, ఆదివారం సాయంత్రం మాట. అప్పారావు గారు ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ మెషిన్ నడిపారు. లావణ్య కార్డులు కొంటుంది, అమ్ముతుంది.

లావణ్య: చెప్పొచ్చు రాజేష్. అంచు ఫోటో పెద్దది చేసి చూడు. రెండు తెల్లపొరల మధ్య సన్నటి నల్లగీత కనిపిస్తోందా? మామూలు అట్ట మీద వేసిన నకిలీకి అది ఉండదు. నాకైతే ఇది చాలు.

అప్పారావు: గీత ఉన్న మాట నిజమేనమ్మా. కానీ అది అట్ట సంగతి చెబుతుంది, అచ్చు సంగతి చెప్పదు. వెలుతురు అవతలికి కనబడకుండా మధ్యలో నల్లపొర పెట్టిన అట్ట పేకముక్కల కోసం అమ్ముతారు. నకిలీ వేసేవాడు అదే కొనుక్కుంటే? గీత లేదని ఖాయంగా తేలితే కార్డు పక్కన పెట్టు. ఉందని మాత్రం డబ్బు పంపకు.

లావణ్య: సరే, అచ్చులో రంగులు ఏర్పడే సన్నటి చుక్కలు చూద్దాం. ఈ వెనకవైపు ఫోటోలో నీలం మీద అలల్లా చారలు పడ్డాయి. అసలు కార్డును స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే ఇలాగే వస్తుంది. అంటే నకిలీ!

అప్పారావు: తొందరపడకు. స్కాన్ చేసి వేస్తే పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి చారలు వస్తాయి, అంతవరకు నిజం. కానీ చుక్కల అచ్చును ఫోన్‌తో తీసినా అలాంటి చారలే రావచ్చు. తేడా ఎలా తెలుస్తుందంటే, ఫోన్ కొంచెం దగ్గరికి జరిపి, కొంచెం తిప్పి ఇంకో ఫోటో తీయమను. చారలు మారిపోతే అవి కెమెరావి. అక్కడే కదలకుండా ఉంటే కార్డువి.

రాజేష్: పెద్దది చేస్తే అంతా మసకగా ఉందండీ, చుక్కలే కనబడటం లేదు.

అప్పారావు: కనబడవు. అచ్చులో అంగుళానికి 150 చుక్కల వరుసలు అనుకుందాం, అంటే మిల్లీమీటరుకి దాదాపు ఆరు చుక్కలు. కార్డు పొడవు 88 మిల్లీమీటర్లు. ఫ్రేము నిండా కార్డే ఉండి, ఆ పొడవునా 4000 పిక్సెల్స్ వస్తే చుక్కకి ఏడెనిమిది పిక్సెల్స్ దక్కుతాయి. వాట్సాప్ దాన్ని 1600కి కుదించిందంటే మిగిలేది మూడే. మూడింట్లో చుక్క గుండ్రంగా ఉందో చెదిరిందో ఏం చూస్తాం? డాక్యుమెంట్‌గా పంపమను. కార్డు మీద ఆ పోకెమాన్ చేసే దాడి పేరు రాసిన నల్ల అక్షరాలను దగ్గరగా తీయమను. అసలు కార్డులో ఆ నలుపు ఒకే సిరాతో నిండుగా పడుతుంది. నకిలీల్లో చాలావాటికి అక్షరమే రంగు చుక్కలతో తయారై, అంచులు గరుగ్గా ఉంటాయి.

లావణ్య: అక్షరాలు కొత్తగా కంపోజ్ చేసి వేసుంటే?

అప్పారావు: అప్పుడు నిండుగానే ఉంటాయి, పట్టుకోలేం. అందుకే ఫోటో 'కాదు' అని చెప్పినంత గట్టిగా 'అవును' అని చెప్పదంటున్నాను.

రాజేష్: నా దగ్గరున్న మెరిసే హోలో కార్డు ఒకటి విల్లులా వంగిపోయింది. అది కూడా నకిలీయేనా?

లావణ్య: కాదు, కాదు. బీచ్ రోడ్డు పక్కన ఇల్లు కదా మీది. గాలిలో తేమకి కాగితం ఉబ్బుతుంది, మెరుపు పొర ఉబ్బదు, దాంతో కార్డు వంగుతుంది. మా ఇంట్లోనూ అంతే.

(ఈ మాట నాకు ముఖ్యమనిపించింది. వంగిన కార్డు మీద వెలుగు ఒక్కచోటే మెరుస్తుంది. ఒకే ఫోటో చూసి మెరుపు తేడాగా ఉందనేస్తే మంచి కార్డును పోగొట్టుకుంటాం.)

అప్పారావు: అందుకే మెరుపుకి వీడియో కావాలి. ట్యూబ్‌లైటు కింద కార్డును మెల్లగా వాల్చమను. కార్డు మీద ట్యూబ్ ప్రతిబింబం సాఫీగా జారాలి. ఒకచోట హఠాత్తుగా ఎక్కువ మెరిసిందంటే గీతలు కప్పడానికి ఏదో పూశారేమోనని అనుమానించాలి. అంచు దగ్గర రంగు మెరుపు లేకుండా ఉంటే మార్కర్‌తో దిద్దారేమో చూడు.

లావణ్య: మీరు చెప్పినవన్నీ అడిగేలోపు అమ్మేవాడు ఇంకొకరికి ఇచ్చేస్తాడండీ. నా లెక్కలో మూడు పరీక్షల్లో దొరక్కపోతే కొనడమే. ఫోటోల్ని నమ్మకపోతే వైజాగ్‌లో కూర్చుని ముంబై కార్డు ఎవరు కొంటారు?

అప్పారావు: కొను, కాదనను. కానీ చేతికొచ్చాక 30 రెట్లు పెద్దగా చూపే లూప్ అద్దంతో చూసి, తేడా ఉంటే వెనక్కి తీసుకుంటానని ఆయన రాసిచ్చాకే.

లావణ్య: ఎవరూ రాసివ్వరు.

రాజేష్ అప్పటికే ఫోన్ తీసి మెసేజ్ టైపు చేస్తున్నాడు: "అక్షరాల క్లోజప్ డాక్యుమెంట్‌గా, ట్యూబ్‌లైటు వీడియో పంపగలరా? తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా?"